పదో ట్రే చెప్పే సంగతి

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో వాడేసిన మెథనాల్‌ను ఊరికే పారబొయ్యరు. నీళ్లు కలిసిన ఆ సాల్వెంట్‌ను పొడవాటి కాలమ్‌లోకి పంపి, అడుగునున్న రీబాయిలర్‌లో స్టీమ్‌తో మరిగిస్తారు. మెథనాల్ ఆవిరై పైకెక్కుతుంది, నీళ్లు కిందికి దిగుతాయి. పైన కండెన్సర్‌లో చల్లబడిన మెథనాల్ కొంత ట్యాంకుకి పోతుంది, కొంత మళ్లీ కాలమ్ నెత్తిన పోస్తారు. అలా తిరిగి పోసేదే రిఫ్లక్స్. లోపల అంతస్తులుగా ఉన్న ట్రేల మీద ఆవిరీ ద్రవమూ ఎదురుపడి, ఒక్కో ట్రే దగ్గర కాస్త కాస్తగా వేరుపడతాయి.

మెథనాల్‌లో ఇంకా నీళ్లెన్ని ఉన్నాయో ల్యాబ్ నుంచి కబురు వచ్చేలోపు ఎంతో సరుకు ట్యాంకులో పడిపోతుంది. అందుకే థర్మామీటర్ని నమ్ముకుంటారు. ఉన్నవి రెండే పదార్థాలై, పీడనం కదలకుండా ఉంటే, మరిగే వేడి తెలిస్తే పాళ్లు తెలిసినట్టే.

అయితే ఆ థర్మామీటర్ ఎక్కడ పెట్టాలి? కావలసింది పై సరుకు గనక పైనే పెడదామనిపిస్తుంది. అక్కడే పొరపాటు. సముద్ర మట్టం దగ్గర శుద్ధ మెథనాల్ 64.7 డిగ్రీల వద్ద మరుగుతుంది. అందులో ప్రతి వంద అణువుల్లో 5 నీటివైనా మరిగే వేడి పెరిగేది సుమారు అర డిగ్రీయే. పీడనం 14 మిల్లీమీటర్ల పాదరసం మేర పెరిగినా అదే అర డిగ్రీ పెరుగుతుంది. పెరిగింది నీళ్లా, పీడనమా? పైనున్న థర్మామీటర్ చెప్పలేదు. హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి, పైభాగం గాలికి తెరిచి ఉన్న కాలమ్‌లో మెథనాల్ ఇక్కడ 63 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. విశాఖలో పనికొచ్చిన అంకెను ఇక్కడికి తెచ్చి పెట్టుకుంటే లెక్క అంతా తప్పుతుంది.

కిందిభాగం కథ వేరు. ట్రే మీది ద్రవంలో మెథనాల్ నూటికి 20 ఉంటే సముద్ర మట్టం లెక్కన దాదాపు 82 డిగ్రీలు, 10 ఉంటే 88, 2 ఉంటే 96. పాళ్లు కాస్త మారితే చాలు, ముల్లు డిగ్రీలకు డిగ్రీలు కదులుతుంది. పీడనం వల్ల వచ్చే అర డిగ్రీ అక్కడ లెక్కలోకి రాదు.

30 ట్రేల కాలమ్ ఒకటి ఉందనుకుందాం. కింది నుంచి పదో ట్రేని 82 దగ్గర నిలపాలి. రాత్రి షిఫ్టులో వచ్చే ఫీడ్‌లో నీళ్లు ఎక్కువయ్యాయి. పైన తీసే సరుకు మాత్రం తగ్గలేదు. వస్తున్న మెథనాల్ కన్నా తీస్తున్నది ఎక్కువ కావడంతో నీళ్లు ట్రే ట్రే పైకి పాకడం మొదలుపెడతాయి. పదో ట్రే 84, 86 చూపిస్తుంది. పైనున్న ముల్లు అప్పటికింకా కదలనే లేదు. కంట్రోలర్ స్టీమ్ వాల్వ్‌ను కాస్త మూస్తుంది, ఆవిరి తగ్గుతుంది, నీళ్లు కిందికి జారుతాయి. సరుకు చెడకముందే పని అయిపోతుంది.

ఇంత కింది ట్రేకి జోడీగా స్టీమ్‌నే ఎందుకు ఎంచుకుంటారంటే, ఆవిరిలో వచ్చిన మార్పు కొద్ది సెకన్లలో కాలమ్ అంతటా తెలుస్తుంది. రిఫ్లక్స్ పెంచితే ఆ ద్రవం ఒక్కో ట్రే నిండి, కట్ట దాటి, కిందికి దిగాలి. ట్రేకి ఐదు సెకన్లే అనుకున్నా, ఇరవై ట్రేలు దాటేసరికి నిమిషంన్నర పైమాటే.

పైభాగానికీ మరో కంట్రోలర్ పెట్టి రిఫ్లక్స్‌ను దానికి అప్పగిస్తే రెండు కొసలూ బాగుంటాయి కదా అని చాలామంది అనుకుంటారు. జోడీ సరైనదే, చిక్కు వేరే చోట ఉంది. పై ట్రే వేడెక్కిందని ఒకటి రిఫ్లక్స్ పెంచుతుంది. దాంతో పదో ట్రే చల్లబడుతుంది, రెండోది స్టీమ్ పెంచుతుంది. పై ట్రే మళ్లీ వేడెక్కుతుంది. ఇలా రెండూ పోటీపడి పెంచుకుంటూ పోతే చివరికి ట్రేలు ద్రవంతో నిండిపోయి కాలమ్ ఫ్లడ్ అవుతుంది. నార్వేకు చెందిన సిగుర్డ్ స్కోగెస్టాడ్, మరో ఇద్దరితో కలిసి 1988లో రాసిన వ్యాసంలోని ఉదాహరణ కాలమ్ దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. రిఫ్లక్స్‌ను ఒక పాలు పెంచితే పై సరుకు శుద్ధి 0.878 మేర పెరుగుతుంది, ఆవిరిని ఒక పాలు పెంచితే 0.864 మేర తగ్గుతుంది. రెండూ కలిపి పెంచితే మిగిలేది 0.014. అంత ఆవిరి ఖర్చుపెట్టి సంపాదించేది అంతే.

అందుకే చాలాచోట్ల ఒక్క ట్రేని స్టీమ్‌కి అప్పగించి, రిఫ్లక్స్‌ను ఫీడ్‌కి తగిన నిష్పత్తిలో నడుపుతారు. కాస్త ఆవిరి ఎక్కువ ఖర్చయినా కాలమ్ నిలకడగా నడుస్తుంది. నా దృష్టిలో అదే మంచి బేరం.

ఈ పద్ధతికి పెద్ద శత్రువు మూడో పదార్థం. ఫీడ్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త కలిసి వచ్చిందనుకోండి. అది పైకీ పోలేక, కిందికీ దిగలేక నడిమి ట్రేల మీద పోగవుతుంది. దానంతట అది మరిగేది కూడా 82 దగ్గరే. పదో ట్రే 82 చూపిస్తూనే ఉంటుంది, ల్యాబ్ రిపోర్టు మాత్రం రోజురోజుకీ తేడాగా వస్తుంది. అప్పుడు సెట్ పాయింట్ జోలికి పోకుండా ఆ ట్రే దగ్గరే శాంపిల్ తీసి చూసి, పోగైనదాన్ని పక్క పైపు గుండా బయటికి లాగాలి.