వాట్సాప్ ఛానెల్‌లో నోటీసు పెడుతున్నారా? ఫోటో కింద ఏం రాయాలంటే..

ఉస్మానియా యూనివర్సిటీలో పరీక్ష వాయిదా పడినా, హాస్టల్ మెస్ మూతపడినా, ఫీజు గడువు పెరిగినా ఆ కబురు ఇప్పుడు నోటీసు బోర్డు కంటే ముందు ఫోన్‌కే వస్తోంది. తార్నాక, హబ్సిగూడ, మల్కాజ్‌గిరిలో రూములు తీసుకుని చదువుకునే పిల్లలు పొద్దున లేవగానే చూసేది వాట్సాప్‌నే. ఒకప్పుడు గ్రూపులు ఉండేవి. 2023 సెప్టెంబర్‌లో మన దేశంలో వాట్సాప్ ఛానెళ్లు మొదలయ్యాక విద్యార్థి బృందాలు, కోచింగ్ సెంటర్లు, బస్తీ సంఘాలు అటు మళ్లాయి.

అయితే ఛానెల్ నడిపేవాళ్లలో చాలామంది ఇన్‌స్టాగ్రామ్‌లో నేర్చుకున్న రాతనే ఇక్కడికీ తెచ్చారు. నోటీసు ఫోటో పెడతారు, కింద ‘బిగ్ అప్‌డేట్ ఫ్రెండ్స్’ అంటారు, ఆపైన అరడజను హ్యాష్‌ట్యాగులు తగిలిస్తారు. పరీక్ష ఏది, ఏ రోజుది అన్నది మాత్రం ఫోటో పెద్దది చేసుకుని వెతుక్కోవాల్సిందే.

ట్యాగులు ఇక్కడ ఎందుకు పనిచేయవు?

ఇన్‌స్టాగ్రామ్‌లో ట్యాగ్ నొక్కితే అదే ట్యాగ్ ఉన్న పోస్టులన్నీ వస్తాయి. ఛానెల్‌లో అలాంటి పేజీ లేదు. డైరెక్టరీలో వెతికితే దొరికేది ఛానెల్ పేరే. లోపల పెట్టిన పోస్టులు ట్యాగును బట్టి కొత్తవాళ్ల ముందుకు రావు. జనం ఛానెల్‌లోకి వచ్చేది లింకు ద్వారానో, గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ ద్వారానో, ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ ద్వారానో. అంటే చదువుతున్న మనిషి అప్పటికే ఛానెల్‌లో ఉన్నాడు. అతన్ని ఆకర్షించే పని అయిపోయింది. ఇక మిగిలింది విషయం చెప్పడమే.

క్యాప్షన్ రాసేముందు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఛానెల్‌ను ఫాలో అయినంత మాత్రాన నోటిఫికేషన్ మోగదు. ఫాలో అయినవాళ్లు గంట గుర్తు నొక్కి ఆన్ చేసుకుంటేనే మోగుతుంది. కాబట్టి మధ్యాహ్నం పెట్టిన మాటను కొందరు రాత్రి చూస్తారు, కొందరు మర్నాడు చూస్తారు. రెండు, అప్‌డేట్స్ ట్యాబ్‌లో ఛానెల్ పేరు కింద తాజా పోస్టు మొదటి మాటలే కనిపిస్తాయి. వాటిని బట్టే తెరవాలా వద్దా అని తేల్చుకుంటారు. మూడు, ముఖ్యమైన కబురైతే అది ఛానెల్‌లో ఆగదు. క్లాసు గ్రూపులకు, ఇంటి గ్రూపులకు వెళ్తుంది.

‘రేపు’ అనే మాటతో వచ్చే చిక్కు

అందుకే ఛానెల్ క్యాప్షన్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాటలు ‘ఈరోజు’, ‘రేపు’, ‘ఇప్పుడే’. పెట్టినవాళ్లకు రేపంటే బుధవారం. బుధవారం పొద్దున చూసినవాళ్లకు అది గురువారం అవుతుంది. వారం తర్వాత ఏదో గ్రూపులో తేలినప్పుడు ఏ రోజో ఎవరికీ తెలియదు.

నోటీసు ఫోటోకు తేదీ ఎంత ముఖ్యమో 2024 ఏప్రిల్ చివర్లో క్యాంపస్ చూసింది. ఉస్మానియా హాస్టళ్లు, మెస్‌లకు వేసవి సెలవులు ఇస్తూ, కరెంటు, నీళ్ల కొరత గురించి ప్రస్తావించిన నోటీసు మీద పెద్ద దుమారం రేగింది. ఆ ఏడాది నోటీసు ఒకటి, అంతకుముందు 2023లో ఇచ్చిందంటూ మరొకటి సోషల్ మీడియాలో తిరిగాయి. ఏది అసలు, ఏది మార్చింది అంటూ అధికార, ప్రతిపక్ష పార్టీలు వాదించుకున్నాయి. వ్యవహారం పోలీసు కేసు, అరెస్టు దాకా పోయింది. రాజకీయం ఎలా ఉన్నా, ఛానెల్ నడిపేవాళ్లు గ్రహించాల్సింది ఒకటుంది. లెటర్‌హెడ్, సంతకం, ముద్ర ఉన్న ఫోటో చూడగానే జనం నమ్ముతారు. చిన్న అక్షరాల్లో ఉన్న తేదీని చూడరు. ఫోటోలో ఉన్న తేదీ, సంవత్సరం క్యాప్షన్‌లో మళ్లీ రాయాల్సిన బాధ్యత పెట్టేవాళ్లదే.

ఒక నోటీసును రాసి చూద్దాం

ఒక నమూనా తీసుకుందాం. భారీ వానల వల్ల 2025 ఆగస్టు 20న జరగాల్సిన డిగ్రీ పరీక్షలు వాయిదా వేశారని నోటీసు వచ్చిందనుకుందాం. మామూలుగా కనిపించే క్యాప్షన్ ఇలా ఉంటుంది:

```
వానలు దంచికొడుతున్నాయ్ ఫ్రెండ్స్ ⛈️
ఓయూ స్టూడెంట్స్‌కి బిగ్ అప్‌డేట్ 👇
రేపటి ఎగ్జామ్స్ అన్నీ వాయిదా!!
#OU #Tarnaka #Hyderabad #Exams
```

అప్‌డేట్స్ ట్యాబ్‌లో దీన్నుంచి కనిపించేది వానల సంగతి. అది కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. ‘అన్నీ’ అన్న మాట ఇంకా ప్రమాదం. నోటీసు డిగ్రీ పరీక్షల గురించి అయితే, పీజీ విద్యార్థి ఇది చదివి తన పరీక్షకు వెళ్లకుండా ఆగిపోవచ్చు. అతనికి పోయేది ఒక పేపర్, ఆపైన సప్లిమెంటరీ దాకా ఎదురుచూపు.

అదే విషయం ఇలా రాయొచ్చు:

```
*డిగ్రీ పరీక్షలు వాయిదా: 2025 ఆగస్టు 20, బుధవారం*

వానల వల్ల ఆ ఒక్కరోజు పరీక్షలే వాయిదా.
21 నుంచి పరీక్షలు యథాతథం.
పీజీ పరీక్షల గురించి ఈ నోటీసులో లేదు.
కొత్త తేదీ ఇంకా ప్రకటించలేదు.

ఆధారం: పరీక్షల విభాగం నోటీసు, 19-08-2025.
సరిచూసుకోండి: www.osmania.ac.in
```

మొదటి వరుసలోనే ఎవరికి, ఏమైంది, ఏ రోజు అన్న మూడూ వచ్చాయి. తేదీతోపాటు వారం కూడా రాశారు. తేదీ కొట్టేటప్పుడు పొరపాటు పడితే వారంతో పొసగదు, చదివేవాళ్లు వెంటనే పట్టుకుంటారు.

రెండో భాగంలో మారనిది ఏమిటో చెప్పారు. చాలామంది వదిలేసేది ఇదే. వాయిదా అని వినగానే ప్రతి ఒక్కరికీ వచ్చే ప్రశ్న ‘మరి ఎల్లుండిది ఉందా’ అన్నదే. గ్రూపులో అయితే వెంటనే అడుగుతారు, ఎవరో చెబుతారు. ఛానెల్‌లో మామూలు పోస్టు కింద అలా సంభాషణ నడవదు. బొటనవేలు గుర్తు, ఏడుపు ముఖం లాంటి రియాక్షన్లు మాత్రమే వస్తాయి. అందుకే రాబోయే ప్రశ్నను ముందే ఊహించి జవాబు పెట్టేయాలి. కొత్త తేదీ తెలియకపోతే తెలియదనే రాయాలి. ఆ వరుస లేకపోతే ఎవరో ఒకరు తేదీ అల్లి ప్రచారంలో పెడతారు.

చివర్లో ఆధారం. ‘సోర్సుల ప్రకారం’ అంటే చాలదు. ఏ విభాగం, ఏ తేదీ నోటీసు అన్నది ఉండాలి. నోటీసు వాట్సాప్‌లోనే ఎవరో పంపితే తెలిసిందా? అయితే వెబ్‌సైట్‌లో కనిపించేదాకా ‘వాయిదా’ అని పెట్టకపోవడమే మేలు. ఆగలేకపోతే మొదటి మాటే ‘ఇంకా నిర్ధారణ కాలేదు’ అని ఉండాలి. చివర్లో పెడితే ఎవరూ అక్కడిదాకా రారు. క్యాప్షన్ పొడుగైతే వాట్సాప్ మిగతా భాగాన్ని మడిచేస్తుంది, నొక్కితేనే తెరుచుకుంటుంది.

బోల్డ్ ఒక్క వరుసకే

పై నమూనాలో నక్షత్రం గుర్తు ఒక్క వరుసకే ఉంది. మాటకు ముందూ వెనకా `*` పెడితే అక్షరాలు లావుగా కనిపిస్తాయి. నక్షత్రానికీ మాటకూ మధ్య ఖాళీ వదిలితే పనిచేయదు, నక్షత్రాలు అలాగే మిగిలిపోతాయి. తెలుగులో మరో సంగతి ఉంది. ‘తార్నాకలో’ అన్న మాటలో ‘తార్నాక’కు మాత్రమే నక్షత్రాలు పెట్టి ‘లో’ను బయట వదలకూడదు. ప్రత్యయంతో సహా మాట మొత్తాన్ని లోపల పెట్టాలి. ప్రతి వరుసా బోల్డ్ చేస్తే ఏది ముఖ్యమో కంటికి ఆనదు.

ఉర్దూలో కూడా పెట్టేవాళ్లకు

ఈ చుట్టుపక్కల చాలా ఛానెళ్లు ఒకే కబురును తెలుగులోనూ ఉర్దూలోనూ పెడతాయి. రెంటినీ ఒకే వరుసలో కలిపితే తికమక అవుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, తెలుగు ఎడమ నుంచి కుడికి. సాధారణంగా పేరా మొదటి అక్షరాన్ని బట్టి ఫోన్ దిశ నిర్ణయిస్తుంది. అందుకే రెండు భాషలకూ వేర్వేరు పేరాలుండాలి, ఉర్దూ పేరా ఉర్దూ అక్షరంతోనే మొదలవ్వాలి. దాని ముందు ఇంగ్లిష్ మాట వస్తే వాక్యమంతా తలకిందులుగా కనిపించవచ్చు.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. తెలుగులో ‘10-1’ అంటే పది నుంచి ఒంటిగంట దాకా. ఉర్దూ వాక్యం మధ్యలో అదే కొడితే తెర మీద ‘1-10’గా కనబడే వీలుంది. కొందరు ఒంటిగంట నుంచి పదిదాకా అనుకుంటారు. గీత వాడకుండా ‘10 సే 1 బజే తక్’ అని ఉర్దూ మాటల్లోనే రాస్తే ఈ బాధ ఉండదు. తేదీ కూడా అంతే. ఆగస్టు అని నెల పేరు రాయడమే క్షేమం.

తప్పు పడితే ఏం చేయాలి?

ఛానెల్ పోస్టును 30 రోజుల వరకు ఎడిట్ చేసుకోవచ్చని వాట్సాప్ మొదట్లోనే చెప్పింది. కానీ అప్పటికే చదివి వెళ్లినవాళ్లు మళ్లీ వెనక్కి వచ్చి చూడరు. వేరే గ్రూపులకు వెళ్లిన కాపీలు మారవు. కాబట్టి పాత పోస్టును ఎడిట్ చేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. పాతదాన్ని సరిచేసి, దాంతోపాటు కొత్త పోస్టు కూడా పెట్టాలి:

```
*సవరణ: 2025 ఆగస్టు 21 పరీక్షలు కూడా వాయిదా*

19న ‘21 నుంచి యథాతథం’ అని పెట్టాం. అది మారింది.
ముందు ఫార్వర్డ్ చేసినవాళ్లు దీన్నీ పంపండి.
```

‘సవరణ’ అన్న మాట ముందుండటం వల్ల పాత మెసేజ్ పక్కన ఇది కనిపించినా ఏది తాజాదో తెలుస్తుంది. చప్పుడు చేయకుండా డిలీట్ చేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఛానెల్‌లోంచి పోస్టు పోతుంది గానీ గ్రూపుల్లో తిరిగే కాపీ అలాగే ఉంటుంది. దాన్ని సరిచూసుకుందామని ఛానెల్‌కు వచ్చినవాళ్లకు ఏమీ దొరకదు.

ఫార్వర్డ్ చేసేటప్పుడు క్యాప్షన్ తీసేసి ఫోటో ఒక్కటే పంపే వీలు కూడా వాట్సాప్‌లో ఉంది. అందుకే సొంతంగా పోస్టర్ తయారుచేస్తే తేదీ, వారం, సంవత్సరం పోస్టర్ మీద కూడా పెద్ద అక్షరాల్లో వేయాలి. యూనివర్సిటీ ఇచ్చిన నోటీసు ఫోటో మీద మాత్రం ఏమీ రాయకూడదు, అక్షరం చెరపకూడదు, కత్తిరించకూడదు. చెప్పాల్సింది ఏదైనా కిందనే చెప్పాలి.

పోస్టు చేసేముందు చిన్న పరీక్ష ఉంది. ఛానెల్‌లో లేని ఒకరికి, నల్గొండలో ఉన్న అమ్మకో, వరంగల్ బస్సులో ఉన్న తమ్ముడికో, క్యాప్షన్ ఒక్కటే పంపాలి. వాళ్లు తిరిగి ఒక్క ప్రశ్న కూడా వేయకపోతే అది సిద్ధమైనట్టే. ‘ఏ రోజు?’ అని అడిగారంటే మొదటి వరుస మళ్లీ రాయాలి.