గల్లాపెట్టెలోని నగదు – బ్యాంకు మిత్ర ఉపాధి: అనంతపురం మెట్ట గ్రామాల నేపథ్యం

ఉపోద్ఘాతం

శాఖలు లేని చోట మధ్యవర్తుల ద్వారా సేవలు అందించడానికి భారతీయ రిజర్వు బ్యాంకు 2006 జనవరి 25న బ్యాంకులకు అనుమతినిచ్చింది. ఎనిమిది రోజుల తరువాత, ఫిబ్రవరి 2న, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఆనాడు ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని కూలి డబ్బు ఖాతాల్లో జమ కావడం మొదలైన తరువాత, ఖాతాలోని అంకెను చేతిలోని నోటుగా మార్చే మనిషి ఊరిలోనే అవసరమయ్యాడు. ఆ మనిషినే బ్యాంకింగ్ కరస్పాండెంట్ అనీ బ్యాంకు మిత్ర అనీ పిలుస్తున్నాం. రీఛార్జి, నగదు బదిలీల దుకాణం పెట్టుకున్న యువకుడు కూడా ఆధార్ ఆధారిత చెల్లింపు యంత్రంతో ఇదే పని చేస్తున్నాడు. ఈ ఉపాధి నిలవడానికీ కూలడానికీ కారణం కమీషను రేటు మాత్రమే కాదనీ, గల్లాపెట్టెలోకి నగదు తిరిగి చేరే మార్గం అంతకన్న ముఖ్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నగదు బాధ్యత చేతులు మారిన తీరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కూలీని, పింఛన్లను స్మార్ట్ కార్డుల ద్వారా చెల్లించే విధానాన్ని అమలు చేసింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 8 జిల్లాలలో దానిని అధ్యయనం చేశారు. వాటిలో అనంతపురం ఒకటి. చెల్లింపులు త్వరితమయ్యాయనీ, నిధుల దారిమళ్లింపు తగ్గిందనీ 2016లో వెలువడిన వారి పరిశోధన తేల్చింది. మన చర్చకు కావలసిన అంశం మరొకటి. ఆ విధానంలో ఊరి మహిళ వేలిముద్ర తీసుకుని డబ్బు పంచేది. నగదును ఊరికి చేర్చే భారం బ్యాంకు, దాని సాంకేతిక సేవా సంస్థలది. ఆమె తన సొంత పెట్టుబడిని పంచలేదు.

నేటి దుకాణంలో ఈ క్రమం తలకిందులైంది. ఖాతాదారు వేలిముద్ర వేయగానే అతని ఖాతాలో తగ్గిన మొత్తం దుకాణదారు వాలెట్‌లో గాని, సెటిల్‌మెంటు ఖాతాలో గాని చేరుతుంది. నోట్లు మాత్రం దుకాణదారు గల్లాపెట్టెలోంచే పోవాలి. ప్రతి ఉపసంహరణతో అతని నగదు తరిగి, అంకె పెరుగుతుంది. రీఛార్జి, కరెంటు బిల్లు, డబ్బు పంపడం వంటి పనులలో దీనికి విరుద్ధంగా నోట్లు వస్తాయి, అంకె తరుగుతుంది. ఈ రెండు ప్రవాహాలు సమంగా ఉన్నచోట అదే నగదు రోజంతా తిరుగుతుంది.

అనంతపురం మెట్టలో అవి సమంగా ఉండవు. వర్షాధార వేరుశనగ రైతుకు ఖరీఫ్ పంట చేతికి వచ్చే కాలం తప్ప మిగిలిన నెలల్లో ఊరిలోకి నగదు రాక స్వల్పం. ఉపాధి కూలి, పి.ఎం. కిసాన్ విడత, బెంగుళూరుకు వలస వెళ్లిన పిల్లలు పంపే సొమ్ము అన్నీ ఖాతాలకే వస్తాయి. వాటన్నిటికీ నోట్లు కావాలి. వేసవి ఉపాధి పనుల తరువాత, ఖరీఫ్ విత్తనం ఖర్చు ముంచుకొచ్చే వేళ ఈ ఒత్తిడి అధికమవుతుంది.

2024 మే: ఒక లెక్క

2020 నుండి పింఛను వాలంటీర్ల ద్వారా ఇంటికే అందేది కనుక ఆ నగదు భారం దుకాణదారుపై లేదు. 2024 ఎన్నికల నియమావళి కారణంగా వాలంటీర్లను పక్కన పెట్టడంతో, మే నెలలో అత్యధికుల పింఛను బ్యాంకు ఖాతాలలో జమ అయింది. వృద్ధులు ఎండలో బ్యాంకుల ముందు బారులు తీరారు. ఊరిలోనే యంత్రం ఉండగా బ్యాంకు దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చిందన్న ప్రశ్నకు ఒక లెక్క కొంత సమాధానమిస్తుంది. ఇది ఊహా ఉదాహరణ; పింఛను మొత్తం, అంతర్‌బ్యాంకు రుసుము మాత్రం వాస్తవాలు.

ఒక ఊరిలో 100 మంది పింఛనుదారులు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి 3,000 రూపాయల చొప్పున 3 లక్షల నగదు కావాలి. దుకాణదారు గల్లాపెట్టెలో 60,000 ఉన్నాయి. 20 మందికి ఇచ్చేసరికి పెట్టె ఖాళీ. ఇతర బ్యాంకు ఖాతా నుండి నగదు తీసినప్పుడు అంతర్‌బ్యాంకు రుసుము మొత్తంలో అర శాతం, గరిష్ఠంగా 15 రూపాయలు. 3,000కు సరిగ్గా 15. అందులో బ్యాంకు, మధ్యస్థ సంస్థ తమ వాటా తీసుకోగా దుకాణదారుకు 8 రూపాయలు మిగిలాయనుకుంటే, 20 మందికి 160. ఇక వాలెట్‌లోని 60,000ను బ్యాంకు ఖాతాకు మార్చడానికి 10, మండల కేంద్రానికి రానుపోను పెట్రోలుకు 100. మిగిలేది 50 రూపాయలు, పోయేది సగం రోజు. వంద మందికీ ఇవ్వాలంటే ఈ చక్రం ఐదుసార్లు తిరగాలి. వెళ్లిన ప్రతిసారీ శాఖలో నోట్లు దొరకాలి, దారిలో డబ్బుకు రక్షణ ఉండాలి.

వెయ్యికి పదో ఇరవయ్యో అదనంగా వసూలు చేయడం ఇక్కడే పుడుతుంది. నగదు ఉపసంహరణకు ఖాతాదారు నుండి అలా వసూలు చేయడం నియమ విరుద్ధం. అది పేదల కూలిలోంచే పోతుంది. అయినా దానిని కేవలం దురాశగా చూస్తే కారణం కనబడదు. వ్యవస్థ చెల్లించని నగదు రవాణా ఖర్చు ఆ రూపంలో బయటపడుతోంది.

నిలదొక్కుకునే దుకాణాలు సాధారణంగా కిరాణా, ఎరువులు లేదా పాల సేకరణతో ముడిపడి ఉండడం యాదృచ్ఛికం కాదు. పై ఉదాహరణలో పక్క కిరాణా వ్యాపారి సాయంత్రం 15,000 నగదు ఇచ్చి, అంతే మొత్తాన్ని పట్టణంలోని తన టోకు వర్తకుని ఖాతాకు పంపించుకుంటే ఇద్దరికీ ప్రయాణం తప్పుతుంది. అలాంటి నాలుగు సాయంత్రాలు ఒక మండల ప్రయాణానికి సమానం. అయితే ఊరిలో ఫోను చెల్లింపులు పెరిగేకొద్దీ కిరాణా పెట్టెలోనూ నోట్లు తగ్గుతున్నాయి. సొంతంగా రీఛార్జి చేసుకునేవారు పెరగడంతో దుకాణదారుకు వచ్చే చిల్లర ప్రవాహమూ సన్నబడుతోంది.

విఫల లావాదేవీ – నమ్మకం

కూలి పనులతో అరిగిన వేళ్లు యంత్రానికి అందకపోవడం ఒక చిక్కు. వేలు తుడిచి మరో వేలితో ప్రయత్నిస్తే కొందరికి పని జరుగుతుంది. అంతకన్న ప్రమాదకరమైనది సిగ్నలు మధ్యలో తెగడం. ఖాతాలో సొమ్ము తగ్గుతుంది, దుకాణదారుకు నిర్ధారణ రాదు. అప్పుడు అతను నోట్లు ఇస్తే తన పెట్టుబడి పోవచ్చు. ఇవ్వకపోతే ఊరి దృష్టిలో దొంగ అవుతాడు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వు ప్రకారం ఇలాంటి సొమ్మును లావాదేవీ జరిగిన 5 రోజుల్లోగా సరిచేయాలి. ఆపైన ఆలస్యానికి రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఐదు రోజులు నిబంధనకు తక్కువే కావచ్చు, ఆ రోజు బియ్యం కొనవలసిన కూలీకి మాత్రం దీర్ఘకాలం.

ఇదే సందర్భాన్ని మోసానికి వాడుకునే అవకాశమూ ఉంది: లావాదేవీ పూర్తయినా "ఫెయిలయింది" అని చెప్పి నగదు ఎగ్గొట్టడం. నిజమైన వైఫల్యాన్నీ మోసాన్నీ వేరుచేసేది కాగితమే. విఫలమైనా సరే రసీదు అడిగి తీసుకోవాలి. దానిపై లావాదేవీ సంఖ్య ఉంటుంది. వారం తరువాత పాస్‌బుక్కులో సొమ్ము తిరిగి జమ కాకపోతే ఆ సంఖ్యతో ఖాతా ఉన్న బ్యాంకులో ఫిర్యాదు చేయాలి. దుకాణదారుకు సొమ్ము చేరిందో లేదో అక్కడి నుండి తెలుసుకోవచ్చు. రసీదు ఇవ్వడానికి తటపటాయించే దుకాణాన్ని అనుమానించడంలో తప్పులేదు. నిజాయితీగల దుకాణదారుకు కూడా ఆ కాగితమే రక్షణ. కాని రసీదు ముద్రించే కాగితం చుట్ట ఖర్చు కూడా పైన లెక్కించిన 50 రూపాయల్లోంచే పోవాలి.