‘రో’ అక్షరంతో వెలుగు పేరు

బారసాల దగ్గర పడుతోంది. పురోహితుడు పంచాంగం చూసి, ‘‘అమ్మాయిది స్వాతి మూడో పాదం. ‘రో’ అక్షరంతో పేరు పెట్టుకోండి’’ అని చెప్పి వెళ్లారు. పేరులో వెలుగు ఉండాలని తల్లి కోరిక, చెట్టూ చేమా ఆకాశం గుర్తుకు రావాలని తండ్రి కోరిక. ఆ రాత్రి నుంచి ఇంటిల్లిపాదీ ఫోన్లలో పేర్ల జాబితాలు తిరగేస్తారు. వాటిలో ‘రో’తో మొదలయ్యే ప్రతి రెండో పేరుకూ ‘కాంతి’ అనో ‘సూర్యకిరణం’ అనో అర్థం రాసి ఉంటుంది. వాటిలో చాలా పేర్లు ఏ నిఘంటువులోనూ కనిపించవు.

అక్షరం తేలేది లెక్కతో, అర్థం తేలేది నిఘంటువుతో. రెంటినీ ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ఎలాగో ఈ ‘రో’ అక్షరంతోనే చూద్దాం.

అక్షరం ఎక్కడి నుంచి వచ్చింది?

నక్షత్రాలు 27, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108. ప్రతి పాదానికీ ఒక అక్షరం కేటాయించిన పట్టికే అవకహడ చక్రం. కృత్తికతో మొదలుపెట్టి అ, వ, క, హ, డ అనే వరుసలో అక్షరాలు నడుస్తాయి కనుక ఆ పేరు వచ్చింది. ఒక్కో అక్షరం ఐదు స్వరాలతో సాగుతుంది. రా, రీ చిత్త చివరి రెండు పాదాలకు. రూ, రే, రో స్వాతి మొదటి మూడు పాదాలకు. ఆ వెంటనే ‘తా’ స్వాతి నాలుగో పాదానికి. ఇక్కడ హ్రస్వ దీర్ఘాల పట్టింపు సాధారణంగా ఉండదు. ‘రూ’ వచ్చినవారు రుక్మిణి అని పెట్టుకున్నా సరే. పేరుకు మొదట రాని అక్షరాలు వచ్చినప్పటికీ దారి ఉంది: ఙ వస్తే గ, ఞ వస్తే జ, ణ వస్తే డ తీసుకోవాలని సంప్రదాయం.

పాదాన్ని ఇలా లెక్కిస్తారు. ముందు నక్షత్రమైన చిత్త మంగళవారం ఉదయం 8 గంటల 20 నిమిషాలకు ముగిసిందనుకుందాం. స్వాతి బుధవారం ఉదయం 8 గంటల 56 నిమిషాల దాకా ఉంది. అంటే స్వాతి మొత్తం 24 గంటల 36 నిమిషాలు. నాలుగో వంతు 6 గంటల 9 నిమిషాలు, అదే ఒక పాదం. మూడో పాదం మంగళవారం రాత్రి 8 గంటల 38 నిమిషాలకు మొదలై, అర్ధరాత్రి దాటాక 2 గంటల 47 నిమిషాలకు ముగుస్తుంది. పాప రాత్రి 9 గంటల 10 నిమిషాలకు పుడితే అక్షరం ‘రో’. ఎనిమిదిన్నరకే పుట్టి ఉంటే రెండో పాదం, అక్షరం ‘రే’.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ సరిహద్దు దగ్గరే. చంద్రుడి వేగం రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి నక్షత్రం నిడివి సుమారు 21 నుంచి 27 గంటల మధ్య మారుతుంది. అన్ని పాదాలకూ ఆరేసి గంటలని కళ్లు మూసుకుని వేస్తే సరిహద్దు జరిగిపోతుంది. దృక్ పంచాంగానికీ పూర్వ పద్ధతి పంచాంగానికీ నక్షత్రం ముగిసే వేళల్లో తేడా ఉంటుంది, అందుకని ఇంట్లో ఏది వాడతారో దానినే నమ్ముకోవాలి. విదేశాల్లో పుట్టిన పిల్లల విషయంలో మరో చిక్కు. నక్షత్రం మారే క్షణం భూమి మీద అందరికీ ఒకటే, గడియారాలే వేరు. పై లెక్కలో రాత్రి 9 గంటల 10 నిమిషాలంటే, వేసవిలో డాలస్‌లో ఉదయం 10 గంటల 40 నిమిషాలు. డాలస్ ఆసుపత్రి రాసిన వేళను భారత పంచాంగంలో నేరుగా చూస్తే అక్షరం ఒకటి రెండు పాదాలు తప్పుతుంది. ముందు భారత కాలమానంలోకి మార్చుకుని, అప్పుడు చూడాలి.

వెలుగు మాటలు ఎక్కడ దొరుకుతాయి?

అక్షరం ఖాయమయ్యాక పేర్ల జాబితా కంటే ముందు తెరవవలసిన పుస్తకం అమరకోశం. అందులో మాటలు అకారాది క్రమంలో ఉండవు, విషయాన్ని బట్టి గుంపులుగా ఉంటాయి. కాంతిని చెప్పే మాటలన్నీ దిగ్వర్గంలో ఒకేచోట కనిపిస్తాయి: ప్రభ, రుచి, ఛవి, ద్యుతి, దీప్తి, వాటి పక్కనే రోచిస్సు. చెట్లు, పూలు కావాలంటే వనౌషధి వర్గం, నీళ్ల మాటలకు వారి వర్గం. అర్థం నుంచి మాటకు వెళ్లడానికి ఇంతకంటే మంచి దారి లేదు. దొరికిన మాటను తర్వాత శబ్దరత్నాకరంలోనో, సూర్యరాయాంధ్ర నిఘంటువులోనో, ఆప్టే సంస్కృత నిఘంటువులోనో సరిచూసుకోవచ్చు.

‘రో’కు రెండు ధాతువులు అండగా ఉన్నాయి. ఒకటి రుచ్, అంటే ప్రకాశించడం. మనం నాలుకకు ముడిపెట్టిన ‘రుచి’కి సంస్కృతంలో కాంతి అనే అర్థం కూడా ఉంది. ఇదే ధాతువు నుంచి రోచన (ప్రకాశించేది), రోచిష్ణు (వెలుగులీనేవాడు), రోచిష్మతి (కాంతి గలది) వచ్చాయి. తెలుగువారికి ఈ మాట కొత్త కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రకు స్వారోచిష మనుసంభవం అన్న పేరు కూడా ఉంది. వరూధిని కొడుకు స్వరోచి. తన వెలుగుతో తానే ప్రకాశించేవాడని ఆ పేరుకు అర్థం.

రెండోది రుహ్, అంటే మొలకెత్తడం, పైకి ఎదగడం. కొలనులో పుట్టే తామరను సరోరుహం అనడం దీనివల్లనే. దీని నుంచి వచ్చిన ‘రోహ’ అనే మాటకు మొలక, చిగురు అనే అర్థాలున్నాయి. ప్రకృతి పేరు కోరే తండ్రికి ఇది చక్కగా సరిపోతుంది.

ఒక్కో పేరునూ తూచి చూస్తే

ఇప్పుడు మన చేతిలో పట్టుమని ఆరేడు పేర్లున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

రోహిణి అందరికీ తెలిసిన పేరు. ఆకాశంలో ఎర్రగా మెరిసే నక్షత్రం, చంద్రుడికి ఇష్టసఖి, బలరాముడి తల్లి. వెలుగూ ఉంది, ప్రకృతీ ఉంది. అయితే తెలుగు చెవికి రోహిణి అనగానే రోళ్లు పగిలే కార్తె ఎండలూ తగులుతాయి. అమ్మాయి నక్షత్రం స్వాతి అయినప్పుడు మరో నక్షత్రం పేరు పెడితే, రేపు పెళ్లి మాటల్లో ‘‘నక్షత్రం ఏమిటి, పేరు ఏమిటి?’’ అని రెండుసార్లు చెప్పుకోవలసి వస్తుంది. దోషం కాదు, తికమక మాత్రమే.

రోహిత అంటే ఎరుపు. అథర్వవేదం పదమూడో కాండలో రోహితుడంటే ఎర్రని సూర్యుడు. నిటారుగా కనిపించే ఇంద్రధనుస్సునూ రోహితం అన్నారు. అదే మాటకు ఒక జాతి జింక, ఒక జాతి చేప అనే అర్థాలు కూడా ఉన్నాయి. జాబితాలు మొదటిది రాసి మిగతావి వదిలేస్తాయి. అన్నీ తెలిశాకే నచ్చితే పెట్టుకోవాలి. ఈ పేరును ఇంగ్లిషులో రాసేటప్పుడు మనం ‘త’కు టీ పక్కన హెచ్ పెడతాం. ఉత్తరాదివారు దాన్ని ‘థ’ అని చదువుతారు. ఆ సంగతి ముందే ఆలోచించి, ధ్రువపత్రాలన్నింటిలో ఒకే రాత ఉంచుకోవాలి.

రోదసి అంటే వేదభాషలో భూమ్యాకాశాలు, ఇప్పటి తెలుగులో అంతరిక్షం. అర్థం ఎంతో విశాలం. కానీ పైకి పలికితే ‘రోదన’ వినిపిస్తుంది. పేరును కాగితం మీద చదవడమే కాదు, వీధి చివర నుంచి పిలిచినట్టు బిగ్గరగా పలికి చూడమనేది ఇందుకే.

రోష్ని పారసీ నుంచి ఉర్దూ, హిందీల్లోకి వచ్చిన మాట. వెలుగు అనే అర్థం నిజమే. చిక్కంతా మనవాళ్లు దాన్ని రోషిణి అని రాయడంలో ఉంది. అలా రాస్తే అది రోషం గల స్త్రీ అవుతుంది. పెట్టదలిస్తే రోష్ని అనే రాయాలి.

రోచిష్మతి, రోచిష్ణు అర్థంలో మచ్చలేనివి. అయితే ష్మ, ష్ణు అమ్మమ్మ నోటికీ విదేశీ టీచరు నోటికీ కష్టమే. మనుస్మృతి కూడా ఆడపిల్ల పేరు సులువుగా పలికేలా, అర్థం తేటగా ఉండాలంటుంది. అదే గ్రంథం నక్షత్రాల, చెట్ల, నదుల పేర్లున్న అమ్మాయిని పెళ్లాడవద్దని కూడా అంది. ఆ మాటను తెలుగిళ్లు పట్టించుకోలేదు. రేవతి, తులసి, గోదావరి, కృష్ణవేణి మన ఊళ్లనిండా ఉన్నారు.

మిగిలినవి రోచన, రోహ. రోచన మూడక్షరాల పేరు. ఆడపిల్లకు బేసి అక్షరాలు, మగపిల్లవాడికి సరి అక్షరాలు అని గృహ్యసూత్రాలు చెప్పిన పద్ధతికి సరిపోతుంది. భాగవతంలో అనిరుద్ధుడి భార్య, రుక్మి మనుమరాలు రోచన. వెలుగు అనే అర్థం ధాతువులోనే ఉంది, పలకడం తేలిక, చెడు ధ్వని లేదు. రోహ పొట్టిగా, అందంగా ఉంది, కాకపోతే రెండక్షరాలు. గృహ్యసూత్రాల లెక్క పాటించే ఇల్లయితే అది అబ్బాయికి నప్పుతుంది. మన స్వాతి పాపకు మాత్రం రోచన తగిన పేరు.

తొందర పడకండి

అన్ని అక్షరాలూ ‘రో’ అంత ఉదారంగా ఉండవు. జ్యేష్ఠ మూడో పాదం ‘యీ’ లాంటిది వస్తే వెలుగు పేరు కోసం ఎంత వెతికినా దొరకదు. అప్పుడు అర్థాన్ని సాగదీసి, లేని మాటను పుట్టించనక్కర్లేదు. నక్షత్ర నామాన్ని బియ్యంలో రాసి, చెవిలో చెప్పి, పూజా సంకల్పాలకు ఉంచుకుని, వ్యవహారానికి నచ్చిన పేరు పెట్టుకోవడం ఎన్నో ఇళ్లలో ఉన్నదే.

చట్టం కూడా గడువు ఇస్తోంది. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు మాత్రం నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. కాబట్టి బారసాల నాటికి తేలకపోతే జాబితాలో మొదట కనిపించిన పేరు రాసేయకండి. పుట్టిన వేళను మరోసారి సరిచూడండి, మాటను నిఘంటువులో వెతకండి, దాని అర్థాలన్నీ చదవండి, నాలుగుసార్లు బిగ్గరగా పిలవండి. ‘‘నా పేరుకు అర్థమేమిటి?’’ అని రేపు మీ పాప అడిగితే, నిఘంటువు తెరిచి చూపించగలిగే పేరే పెట్టండి.