పప్పన్నంలో పప్పెంత?

100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంతే బియ్యంలో ఉండేది ఏడెనిమిది గ్రాములే. అందుకే బలమంతా పప్పులోనే ఉందని, అన్నం కడుపు నింపడానికేనని అనుకుంటాం. ప్రొటీన్ ఎంత ఉందన్న లెక్క వరకు అది నిజమే. ఎలాంటి ప్రొటీన్ అని చూస్తే మాత్రం పప్పుకు కూడా అన్నం సాయం కావాలి.

మనం తిన్న ప్రొటీన్ పొట్టలో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటితో ఒళ్లు తన సొంత ప్రొటీన్లను తయారు చేసుకుంటుంది. ఈ ఆమ్లాల్లో తొమ్మిదింటిని శరీరం తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఆ తొమ్మిదీ మనకు కావలసిన పాళ్లలో ఉంటే అది సంపూర్ణ ప్రొటీన్. గుడ్డు, పాలు, చేపలు, మాంసం ఈ కోవలోవి. ఒక్కటి తక్కువైనా మిగతావాటితో పని అక్కడికే ఆగుతుంది. మిగిలిపోయిన ఆమ్లాలను దాచుకునే వీలు లేదు కాబట్టి శరీరం వాటిని ఇంధనంగా ఖర్చు చేసేస్తుంది.

బియ్యంలో తొమ్మిదీ ఉన్నాయి. అయినా దాన్ని అసంపూర్ణం అంటారు, ఎందుకంటే లైసీన్ చాలదు. పెద్దవాళ్లకు తినే ప్రొటీన్‌లో గ్రాముకు 48 మిల్లీగ్రాముల లైసీన్ ఉండాలని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో కొలత పెట్టింది. బియ్యం ప్రొటీన్‌లో ఉండేది సుమారు 36. కందిపప్పులో 70 దాకా ఉంటుంది. ఇక గంధకం ఉన్న మిథియోనిన్, సిస్టీన్‌ల విషయంలో సంగతి తిరగబడుతుంది. రెండూ కలిపి 23 కావాలి. కందిపప్పులో 20 దగ్గరే ఆగిపోతాయి, బియ్యంలో 40 దాటతాయి.

ఒక పూట భోజనాన్ని లెక్కగడదాం. 75 గ్రాముల బియ్యం, 25 గ్రాముల కందిపప్పు తీసుకుందాం. రెండూ వండకముందు తూకాలే. బియ్యం నుంచి 6 గ్రాముల ప్రొటీన్, అందులో 216 మిల్లీగ్రాముల లైసీన్ వస్తాయి. పప్పు నుంచి ఐదున్నర గ్రాముల ప్రొటీన్, 385 మిల్లీగ్రాముల లైసీన్. కలిపి చూస్తే గ్రాముకు 52. లైసీన్ కొరత తీరింది. గంధకం ఉన్న ఆమ్లాలు కూడా గ్రాముకు 32కి చేరాయి, కాబట్టి పప్పు లోటూ పూడింది.

అయితే ఈ సాయం పప్పు పేరుకు ఉంటే అందదు, తగినంత ఉండాలి. అదే లెక్కను పల్చటి పప్పుచారుకు వేసి చూడండి. 100 గ్రాముల బియ్యానికి 10 గ్రాముల పప్పు పడితే లైసీన్ 43 దగ్గరే నిలిచిపోతుంది. పప్పు 20 గ్రాములైతే అంచు మీద 48కి చేరుతుంది. కానీ పప్పులోని ప్రొటీన్ అంతా అరిగి ఒంటికి పట్టదు కాబట్టి కాస్త ఎక్కువే ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 250 గ్రాముల ధాన్యాలకు 85 గ్రాముల పప్పుదినుసులు చూపుతుంది. అంటే మూడు పాళ్లకు ఒక పాలు. రెండు గ్లాసుల బియ్యానికి గ్లాసు మినప్పప్పు పోసి రుబ్బే ఇడ్లీ పిండి ఈ కొలతను సులువుగా దాటేస్తుంది. జొన్నలో లైసీన్ బియ్యంలోకన్నా తక్కువ. అందుకని జొన్నరొట్టె తినేవాళ్లు పక్కన పప్పు మరికాస్త వేసుకోవాలి.

పులిహోరలో వేసే వేరుశనగ గింజల దగ్గర చాలామంది పొరబడతారు. వేరుశనగ కాయజాతి పంటే, ప్రొటీన్ కూడా బాగానే ఉంటుంది. కానీ లైసీన్ విషయంలో అది బియ్యంలాగే పేద. గుప్పెడు గింజలు పులిహోరకు ప్రొటీన్ పెంచుతాయి, లైసీన్ లోటును మాత్రం తీర్చలేవు. నువ్వులదీ ఇదే తీరు. వాటిలో మిథియోనిన్ పుష్కలం, లైసీన్ కొరత. కాబట్టి నువ్వులు తోడు నిలిచేది పప్పుకే, అన్నానికి కాదు. పాల ప్రొటీన్‌లో లైసీన్ ఎక్కువ. అందువల్ల అన్నంలో కలుపుకున్న పెరుగు పప్పు చేసే పనే చేస్తుంది.

రెండూ ఒకే ముద్దలో కలవాలా? 1971లో ఫ్రాన్సెస్ మూర్ లాపే అనే అమెరికన్ రచయిత్రి, శాకాహారులు ఒకే పూట వీటిని జత చేసి తినాలని తన పుస్తకంలో రాసింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది. పదేళ్లకు ఆమే ఆ జాగ్రత్త అంతగా అవసరం లేదని సవరించుకుంది. మన ఒంట్లో, ముఖ్యంగా కండరాల్లో, విడి అమైనో ఆమ్లాల నిల్వ కొంత ఎప్పుడూ ఉంటుంది. పొద్దున పెసరట్టు తిని మధ్యాహ్నం కూరతో అన్నం తిన్నా, ఆ రోజు మొత్తం మీద పాళ్లు కుదిరితే చాలు.

పాళ్లతో పాటు మొత్తం కూడా చూసుకోవాలి. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 1800 మిల్లీగ్రాముల లైసీన్ కావాలి. పైన లెక్కగట్టిన భోజనం పూటకు 600 ఇస్తుంది. అంటే మూడు పూటలూ అలాగే తింటే కొలత సరిగ్గా సరిపోతుంది. ఒక పూట ఊరగాయ అన్నంతో సరిపెట్టుకుంటే ఆ లోటు గ్లాసు పాలో, గుడ్డో, మరో గరిటె పప్పో పూడ్చాలి. ఇంట్లో కొలవడానికి త్రాసు అక్కర్లేదు. బియ్యం కొలిచే గ్లాసుతోనే పప్పూ కొలిచి, రోజు మొత్తం మీద మూడు గ్లాసులకు ఒకటి పడుతోందా లేదా చూసుకుంటే తెలిసిపోతుంది.