లెక్కల పేపరులో 12 మార్కులంటే అర్థం ఏమిటి?

ఏడో తరగతి గదిలో ముప్ఫై మంది పిల్లలకు 20 మార్కుల స్లిప్ టెస్ట్ పెట్టారనుకుందాం. సిలబస్ నిష్పత్తి, అనుపాతం, శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ. పదిహేను పీరియడ్లు పాఠం జరిగింది. అందులో ఆరు పీరియడ్లు నిష్పత్తి, అనుపాతాలకే పోయాయి. పేపరులో నాలుగు ప్రశ్నలున్నాయి, ఒక్కోదానికి 5 మార్కులు.

1. 7,389 రూపాయలపై 8.75 శాతం వడ్డీ రేటుతో మూడున్నర సంవత్సరాలకు బారువడ్డీ ఎంత?
2. ఒక సంచి వెల 500 రూపాయలు. దానిపై లాభం 100 రూపాయలు. లాభశాతం ఎంత?
3. 60 మంది విద్యార్థులున్న తరగతిలో 45 మంది ఉత్తీర్ణులైతే ఉత్తీర్ణతా శాతం ఎంత? (పాఠ్యపుస్తకంలో సాధించి చూపిన ఉదాహరణ, అవే అంకెలతో.)
4. శాతాల ఉపయోగాలను వివరించండి.

పైపైన చూస్తే ఇది మామూలు పేపరే. ఇలాంటివి మన బడుల్లో కొత్తేమీ కాదు. మార్కులు వస్తాయి, రిజిస్టరులో ఎక్కుతాయి, తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపిస్తారు. ఒక అమ్మాయికి 12 వచ్చాయి. ఆమెకు ఈ పాఠం ఏ మేరకు వచ్చినట్టు? ఈ పేపరును ఆధారం చేసుకుని ఆ మాట చెప్పలేం. ఎందుకు చెప్పలేమో తెలియాలంటే ప్రశ్నలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. బారువడ్డీ అంటే అసలును, రేటును, కాలాన్ని గుణించి వందతో భాగించడం. ఈ సంగతి తెలిసిన పిల్లకు కూడా ఇక్కడ 7,389ని 8.75తో, ఆ వచ్చినదాన్ని 3.5తో గుణించక తప్పదు. జవాబు 2,262 రూపాయల 88 పైసలు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే చాలు, జవాబు తప్పు. వడ్డీ అర్థమై గుణకారంలో తడబడినవారూ, వడ్డీ అంటేనే తెలియనివారూ ఒకే చోటికి చేరతారు. ఈ ప్రశ్న వడ్డీ పేరుతో దశాంశాల గుణకారాన్ని కొలుస్తోంది. అదే 8,000 రూపాయలు, 5 శాతం, రెండేళ్లు అని ఇస్తే జవాబు 800. అప్పుడు తప్పు వచ్చిందంటే అది చాలావరకు వడ్డీ అర్థం కాకపోవడం వల్లే అని చెప్పొచ్చు.

మూడో ప్రశ్నలోనూ ఇదే లోపం మరో రూపంలో ఉంది. పుస్తకంలోని అంకెలే ఇచ్చారు కాబట్టి 75 శాతం అని గుర్తుపెట్టుకున్నవారు లెక్క చేయకుండానే రాసేస్తారు. అది జ్ఞాపకశక్తికి పరీక్ష.

ఇక పేపరులో లేనిది మరీ పెద్ద లోపం. ఆరు పీరియడ్లు చెప్పిన నిష్పత్తి, అనుపాతాల మీద నేరుగా ఒక్క ప్రశ్నా లేదు. పాఠంలో ఐదింట రెండు వంతులు పరీక్షకే రాలేదు. పేపరు తయారీకి ముందు బ్లూప్రింట్ వేసుకోమని ఉపాధ్యాయ శిక్షణలో చెప్పేది ఇందుకే. ఏ అంశానికి ఎన్ని మార్కులు, అవి ఏ సామర్థ్యాన్ని చూస్తాయి అని చిన్న పట్టిక గీసి ఉంటే ఆ ఖాళీ గడి అప్పుడే కనబడేది.

కొలవాలనుకున్నదాన్నే పరీక్ష కొలవడాన్ని విద్యాశాస్త్రంలో సప్రమాణత అంటారు. ఇది పేపరుకు శాశ్వతంగా అంటుకుని ఉండే గుణం కాదు, ఆ మార్కులతో మనం చెప్పే మాటకు సంబంధించినది. మొదటి ప్రశ్న లాంటివి పది ఇచ్చి "వీళ్లకు దశాంశాల గుణకారం వచ్చు" అంటే ఆ మాట నిలబడుతుంది. "వీళ్లకు బారువడ్డీ అర్థమైంది" అంటే నిలబడదు.

రెండో ప్రశ్నతో కథ మరో మలుపు తిరుగుతుంది. సంచి వెల 500 అన్నారు. అది కొన్న వెలా, అమ్మిన వెలా? కొన్న వెల అనుకుంటే లాభం 500 మీద 100, అంటే 20 శాతం. అమ్మిన వెల అనుకుంటే కొన్నది 400కు, లాభం 25 శాతం. రెండు జవాబులూ సరైనవే. ఒక టీచరు 20కి పూర్తి మార్కులిచ్చి 25ను కొట్టేయవచ్చు, పక్క గది టీచరు రెండింటికీ ఇవ్వవచ్చు. నాలుగో ప్రశ్న మరీ వదులు. ఎన్ని ఉపయోగాలు రాయాలో, ఉదాహరణ కావాలో వద్దో చెప్పలేదు. అరపేజీ రాసిన ఒకే జవాబుకు ఒకరు 2 వేస్తారు, ఇంకొకరు 4 వేస్తారు. పొద్దున దిద్దిన చేయే రాత్రి అలసిపోయాక వేరే మార్కు వేయవచ్చు.

ఇలా దిద్దే మనిషి మారితేనో, సమయం మారితేనో మార్కు మారిపోతే ఆ పరీక్షకు విశ్వసనీయత లేదంటారు. వ్యాసాల్లోనే ఈ తేడా వస్తుందని, లెక్కల్లో రాదని చాలామంది నమ్మకం. 1913లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ ఈ నమ్మకాన్నే పరీక్షించారు. ఒకే జ్యామితి జవాబుపత్రం నకళ్లను వందకు పైగా గణిత ఉపాధ్యాయులతో దిద్దించారు. నూటికి 30 లోపు వేసినవారున్నారు, 90 దాటి వేసినవారూ ఉన్నారు. జవాబుపత్రం ఒక్కటే, అందులోని గీతలూ అక్షరాలూ అవే.

ఈ రెండు గుణాలకూ ఉన్న లంకె ఇక్కడే తెలుస్తుంది. మొదటి ప్రశ్నకు ఎవరు దిద్దినా తుది జవాబు ఒకటే కాబట్టి దిద్దుబాటులో నిలకడ ఉంటుంది. అయినా అది కొలిచేది వడ్డీని కాదు. అంటే విశ్వసనీయత ఉన్నంత మాత్రాన సప్రమాణత రాదు. దిద్దేవారిని బట్టి మారే మార్కు మాత్రం ఏ సామర్థ్యం గురించీ గట్టిగా ఏమీ చెప్పలేదు. కాబట్టి విశ్వసనీయత లేనిచోట సప్రమాణతకూ చోటు లేదు.

మంచి పేపరులోనూ కొంత ఊగిసలాట ఉంటుంది. విశ్వసనీయతను 0 నుంచి 1 వరకు ఉండే గుణకంతో సూచిస్తారు. ఒక పరీక్షకు అది 0.75 ఉండి, తరగతి మార్కుల ప్రామాణిక విచలనం 4 అయితే, ఒక్కో విద్యార్థి మార్కులో దాదాపు 2 మార్కుల దోషానికి అవకాశం ఉంటుంది. 12 వచ్చిన అమ్మాయి అసలు స్థాయి 10 కావచ్చు, 14 కూడా కావచ్చు. 13 వచ్చిన అబ్బాయి ఆమె కంటే మెరుగని ప్రకటించడానికి ఆధారం చాలదు.

పేపరును సరిచేయడం కష్టమేమీ కాదు. పెద్ద ప్రశ్నలు నాలుగింటికి బదులు 2 మార్కుల ప్రశ్నలు పది ఇచ్చి, అందులో నాలుగు నిష్పత్తి, అనుపాతాలకు, మిగతా మూడు అంశాలకు రెండేసి కేటాయిస్తే పాఠం మొత్తం వస్తుంది. ప్రశ్నల సంఖ్య పెరిగితే ఒక ప్రశ్నలో జరిగిన పొరపాటు మొత్తం మార్కును తలకిందులు చేయదు కాబట్టి విశ్వసనీయతా పెరుగుతుంది. సంచి లెక్కలో "కొన్న వెల 400 రూపాయలు, అమ్మిన వెల 500 రూపాయలు" అని స్పష్టంగా రాయాలి. అప్పుడు 25 అన్నవారికి విషయం తెలుసు. 20 అన్నవారు లాభాన్ని అమ్మిన వెల మీద లెక్కించారని, ఏం మళ్లీ చెప్పాలో ఆ తప్పే చూపిస్తుంది. లాభం కనుక్కుంటే ఒక మార్కు, శాతంగా మారిస్తే ఇంకో మార్కు అని దిద్దే ముందే రాసి పెట్టుకుంటే పక్క గది టీచరుకూ అదే కొలత అందుతుంది.

ఉపాధ్యాయులు వచ్చే స్లిప్ టెస్ట్‌కు ముందు రెండు పనులు చేసి చూడాలి. పేపరును తోటి ఉపాధ్యాయుడి చేతికిచ్చి జవాబులు రాయించాలి, సంచి లెక్క లాంటి సందిగ్ధాలు అక్కడే బయటపడతాయి. పరీక్షయ్యాక ఐదు జవాబుపత్రాలను మొదటి మార్కులు కనబడకుండా వారితో మళ్లీ దిద్దించాలి. రెండు మార్కులకూ మధ్య పెద్ద తేడా వస్తే, రిజిస్టరులో ఎక్కించే ముందు దిద్దే పద్ధతిని సరిచేసుకోవాలి.