హాజరు, హుషారు

వేసవి సెలవులు దగ్గర పడగానే ఊళ్లో కరెంటు స్తంభాలకు క్రికెట్ కోచింగ్ ఫ్లెక్సీలు వేలాడతాయి. పైన అకాడమీ పేరు, కింద ఫోన్ నంబరు, మధ్యలో ఒక నినాదం. "రేపటి సచిన్‌లు ఇక్కడే", "మీ పిల్లల భవిష్యత్తు మా బాధ్యత", "క్రమశిక్షణే మా ఊపిరి" లాంటివి. మూడోదాన్ని ఏ రెసిడెన్షియల్ కాలేజీ బోర్డు మీదికి మార్చినా ఎవరూ గుర్తుపట్టరు. రెండోది ఫీజు కట్టే నాన్నతో మాట్లాడుతోంది. అదే వాక్యాన్ని ఏడేళ్ల పిల్లాడి టీషర్టు వీపున అచ్చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇక మొదటిది ఫలితాన్నే హామీ ఇచ్చేస్తోంది. "ఈ సాల కప్ నమ్దే" అన్న బెంగళూరు అభిమానులు, 2025లో నిజంగా కప్పు చేతికొచ్చేదాకా ఏటా ఆ మాటతోనే ఎగతాళి పడ్డారు.

ఏడు నుంచి పదేళ్ల పిల్లలకు, పొద్దున ఆరింటికి మొదలయ్యే అకాడమీ ఒకటి ఉందనుకుందాం. సరదా కావాలి, పద్ధతీ కావాలి. అందరికీ ముందు తట్టేది "ఆటతో పాటు క్రమశిక్షణ". అర్థంలో తప్పేమీ లేదు. కానీ ఆ 'పాటు' అనే మాట రెంటినీ విడదీస్తోంది. ఆట అయ్యాక క్రమశిక్షణ పీరియడ్ వేరే ఉంటుందేమోనని పిల్లాడు అనుకుంటాడు. "ఆడుతూ పాడుతూ నేర్చుకుందాం" చెవికి ఇంపుగానే ఉంటుంది. అయితే అది ప్లేస్కూళ్లు ఎప్పుడో వాడేసుకున్న మాట, పైగా అందులో పద్ధతి ఊసే లేదు.

సరదా, పద్ధతి ఒకే పనిలో ఎలా కలుస్తాయో రమాకాంత్ అచ్రేకర్ చేసి చూపించారు. నెట్స్‌లో సచిన్ అలసిపోయే వేళకు స్టంపు మీద రూపాయి నాణెం పెట్టేవారు. ఔట్ చేసిన బౌలరుకు ఆ రూపాయి దక్కేది. ఎవరూ ఔట్ చేయలేకపోతే సచిన్‌కే. అలా గెలుచుకున్న పదమూడు నాణేలను సచిన్ దాచుకున్నారు. ఒళ్లు అలసినా వికెట్ పారేసుకోకూడదన్న పాఠం అక్కడ పందెంగా మారింది. నినాదంలోనూ అలాంటి పని ఒకటి కనిపించాలి.

"గోల చేద్దాం, గీత దాటం" అని ఒకటి రాసి చూద్దాం. పిల్లలు ఇష్టంగా అరుస్తారు. క్రికెట్ వాసనా ఉంది. బౌలరు ముందుకాలు కాస్తయినా క్రీజు గీత వెనక పడకపోతే నోబాల్. బంతి చేయి వదలకముందే నాన్‌స్ట్రైకర్ గీత దాటితే బౌలరు వికెట్లు పడగొట్టొచ్చు. 2022లో ఎంసీసీ దాన్ని అన్యాయపు ఆట నిబంధనలోంచి తీసి మామూలు రనౌట్‌లో చేర్చింది. నాకు ఈ నినాదం మీద మోజుంది. కానీ బ్యాటరు గీత దాటితేనే కదా పరుగు! స్పిన్నరు వేసిన బంతికి ముందుకు దూకమని కోచ్ చెప్పగానే, "గీత దాటకూడదుగా సార్" అనే గడుగ్గాయి ఒకడుంటాడు. 'గోల' అన్న మాట చూసి వెనక్కి తగ్గే అమ్మలూ ఉంటారు.

నేనైతే "టైముకి హాజరు, ఆటలో హుషారు" ఎంచుకుంటాను. నాలుగే మాటలు, బండి మీద పోతూ చదివేయొచ్చు. ప్రాస ఉంది కాబట్టి ఒకసారి వింటే నోటికొస్తుంది. కోచ్ "టైముకి?" అంటే పిల్లలు "హాజరు!" అంటారు, "ఆటలో?" అంటే "హుషారు!" అంటారు. ఇందులో క్రికెట్ మాట లేదు. ఆ లోటు ఫ్లెక్సీ మీది బ్యాటు బొమ్మ తీరుస్తుంది.

అయితే ఈ నినాదం పిల్లలకంటే ముందు కోచ్‌నే కట్టేస్తుంది. ఆయన ఆరూ ఇరవైకి వస్తే అదే మాట పిల్లల నోట వెటకారమవుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లను గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిస్తే పరుగు శిక్షగా మారుతుంది. ఆ తర్వాత సింగిల్‌కి చురుగ్గా పరిగెత్తమంటే ఎవరికీ కాళ్లాడవు. అందుకని పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన ఆటను ఆరింటికే పెట్టాలి. ఒకే స్టంపు పాతి, టెన్నిస్ బంతితో గురిచూసి కొట్టే పోటీ పది నిమిషాలు నడిపితే చాలు. ఆలస్యమైన పిల్లాడు ఆ పది నిమిషాలూ స్కోరు రాస్తాడు. తిట్టనక్కర్లేదు, మర్నాడు వాడే అమ్మానాన్నల్ని నిద్ర లేపుతాడు.

వారం తర్వాత, కోచ్ అడగకుండానే ఆ మాట పిల్లల నోట వినిపిస్తోందో లేదో గమనించాలి. వినిపిస్తే టీషర్టులకు ఆర్డరివ్వొచ్చు. లేకపోతే మార్చుకోవాలి, అప్పటికి పోయేది ఒక్క ఫ్లెక్సీ ఖర్చే.