ఎప్పుడు రావాలి, ఎప్పుడు వెళ్లాలి

గుంటూరులో మిర్చి బస్తాలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఉందనుకుందాం. దాని అమ్మోనియా పైపులు పాతబడ్డాయి. ఎంత మేర మార్చాలో పరీక్షించిన ఇంజినీరు బోర్డు మీటింగుకు వచ్చి చెబితే బాగుంటుందని డైరెక్టర్లు అనుకున్నారు. ఆయన కంపెనీ మనిషి కాదు, పైగా ఆ మార్పిడి పనికి కొటేషన్ ఇచ్చినవాళ్లలో ఆయనా ఒకరు. ఉత్తరం రాయడంలో చిక్కంతా ఇక్కడే ఉంది.

"బోర్డు మీటింగుకు దయచేయగలరు" అని ఊరుకుంటే ఆయన పదకొండింటికే వచ్చి కూర్చుంటారు. అప్పులు, జీతాలు, ఇతరుల కొటేషన్లు అన్నీ ఆయన చెవిన పడతాయి. తీరా లేచి వెళ్లమంటే ఆయనకూ చిన్నతనమే. ఆ మాటేదో ముందే ఉత్తరంలో రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు:

"అయ్యా, ఈ నెల 18న ఉదయం 11 గంటలకు మా బోర్డు సమావేశం జరుగుతుంది. అందులో 4వ అంశమైన అమ్మోనియా పైపుల మార్పిడిపై మీ పరీక్షలో తేలిన విషయాలు వివరించి, డైరెక్టర్ల ప్రశ్నలకు జవాబులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. 11.45కు మా ఆఫీసుకు వస్తే, 12.30 లోపు లోపలికి పిలుస్తాము. వివరణకు పది నిమిషాలు, ప్రశ్నలకు పదిహేను నిమిషాలు. ఆ తర్వాతి చర్చ, నిర్ణయం డైరెక్టర్లకే పరిమితం."

సమయాన్ని కాస్త సడలించి రాయడం కావాలనే. ముందు అంశాలు సాగదీస్తే కచ్చితంగా 11.45కే పిలవడం కుదరదు. ఉత్తరంతో ఎజెండా మొత్తం పంపకూడదు, 4వ అంశం కాగితం చాలు. అందులో ఇతరుల రేట్లు ఉంటే అవి తీసేశాకే పంపాలి. ఆన్‌లైన్‌లో వస్తానంటే ఆయనను వెయిటింగ్ రూమ్‌లో ఉంచి, తన వంతు రాగానే లోపలికి తీసుకోవాలి.

ఆహ్వానితుడికి ఓటు లేదు, ఆయన్ని కోరంలో లెక్కించరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం కోరం అంటే డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. ఆ రోజు ఒక్క డైరెక్టరే వస్తే, ఇంజినీరును పక్కన కూర్చోబెట్టుకున్నా అది మీటింగు కాదు. ఆడిటర్ సంగతి కొంచెం వేరు. ఆడిట్ కమిటీ తన నివేదికను పరిశీలించేటప్పుడు మాట్లాడే హక్కు ఆయనకు చట్టమే ఇచ్చింది, ఓటు మాత్రం ఇవ్వలేదు.

అటెండెన్స్ రిజిస్టరులో ఆహ్వానితుడి సంతకమూ తీసుకోవాలి. మినిట్స్‌లో ఆయన పేరు ఉత్త హాజరుగా కాక "4వ అంశానికి ఆహ్వానితులు" అని ఉండాలి. 12.05కు వచ్చి 12.30కు వెళ్లారని కూడా రాసుకుంటే మంచిది. రేపు పని ఆయనకే దక్కి, పోటీలో ఓడినవాళ్లు "మా రేట్లు విని తగ్గించుకున్నాడు" అని ఆరోపిస్తే, రేట్ల చర్చ మొదలయ్యే సరికి ఆయన గదిలో లేరని చూపడానికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.